ఫొటోలో మిగిలిన మూడు అంకెలు: చిన్న శాంపిల్ సగటుకు హద్దులు

ఒక పాత పత్రిక పేజీని ఎవరో ఫోన్‌తో ఫొటో తీసి పంపారనుకోండి. పేజీ పైభాగం ఫ్రేములోకి రాలేదు. మధ్యలో పది అడ్డు వరుసలున్నాయని తెలుస్తోంది గానీ వెలుతురు పడి అంకెలు మెరిసిపోయాయి. చదవగలిగినవి అడుగున ఉన్న రెండు వరుసలే. సగటుల వరుసలో +.75, +2.33, +1.58 అని ఉంది. ఎస్.డి. వరుసలో 1.70, 1.90, 1.17 అని ఉంది. మూడో నిలువు వరుస మొదటి రెండింటి తేడా. దాని సగటుకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కావాలి.

ఈ పట్టిక నిజంగానే ఉంది. 1908లో బయోమెట్రికా పత్రికలో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో అచ్చయిన వ్యాసంలోది. టి విభాజనం పుట్టింది ఆ వ్యాసంలోనే. పది మంది రోగులకు రెండు నిద్రమందులు ఇచ్చి, మందు లేని రాత్రులతో పోలిస్తే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో కొలిచారు. కొలతలు కష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు 1905లో ప్రచురించినవి. మూడో నిలువు వరుస అంటే, ఒకే రోగికి రెండో మందుతో వచ్చిన అదనపు నిద్రలోంచి మొదటి మందుతో వచ్చింది తీసేయగా మిగిలింది. సగటున 1.58 గంటలు, అంటే దాదాపు గంటా ముప్పై అయిదు నిమిషాలు.

ఇలాంటి లెక్కలో తరగతి గది శ్రద్ధంతా పట్టికలోంచి టి విలువ ఏరడం మీదే ఉంటుంది. నా దృష్టిలో అది ఇందులో అన్నిటికన్నా తేలికైన మెట్టు. ఫొటోలో ఎస్.డి. అని కనబడే అంకె దేన్ని దేనితో భాగిస్తే వచ్చిందో తేల్చుకోవడమే అసలు పని. అక్కడ తప్పితే ఆ తర్వాతి లెక్క ఎంత శుద్ధంగా చేసినా ఉపయోగం లేదు.

ముందు టి ఎందుకు కావలసి వచ్చిందో చూద్దాం. స్టూడెంట్ అసలు పేరు విలియం సీలీ గాసెట్. 1899 నుంచి డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు తయారీ సంస్థలో పనిచేశాడు. బార్లీ, హాప్స్ మీద ఆయన చేతికొచ్చే ప్రయోగాల్లో నాలుగైదు, మహా అయితే పది కొలతలుండేవి. అప్పటి గణాంకశాస్త్రం పెద్ద శాంపిళ్ల మీద నడిచేది. వందల కొలతలుంటే వాటినుంచి లెక్కగట్టిన ప్రామాణిక విచలనాన్ని అసలు జనాభా విచలనంగానే తీసుకుని, సగటుకు ఇరువైపులా ప్రామాణిక దోషానికి 1.96 రెట్లు జరిగితే పనైపోతుంది. ప్రామాణిక దోషం అంటే విచలనాన్ని కొలతల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేది. కొలతలు పదే అయితే ఆ విచలనం మీదే నమ్మకం పెట్టుకోలేం. కొలతలు సాధారణ విభాజనం నుంచి వచ్చాయనుకుంటే, పది కొలతల్లో 1.23 గంటల విచలనం కనబడినప్పుడు అసలు విచలనానికి 95 శాతం హద్దులు సుమారు 0.85 నుంచి 2.25 దాకా పోతాయి. కొలబద్దే ఇంత సాగుతుంటే దానితో కొలిచిన హద్దులను బిగించి చెప్పడం కుదరదు.

గాసెట్ దీన్ని కాగితం మీద సాధించి ఊరుకోలేదు. మూడు వేల మంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు ఉన్న పట్టిక ఒకటి తీసుకున్నాడు. ఆ కొలతలను అట్టముక్కల మీద రాయించి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపిళ్లు చేశాడు. ఒక్కో శాంపిల్లో సగటు అసలు సగటుకు ఎంత దూరంలో ఉందో ఆ శాంపిల్ విచలనంతోనే భాగించి చూశాడు. వచ్చిన ఆకారం తాను రాబట్టిన సూత్రానికి దగ్గరగానే ఉంది. గంట ఆకారపు సాధారణ విభాజనం కన్నా దాని తోకలు బరువు. కంప్యూటర్లు లేని రోజుల్లో చేతులతో చేసిన సిమ్యులేషన్ అది.

తోకల బరువు లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుంది? పది కొలతలకు 1.96 వాడితే 95 శాతం అని పేరు పెట్టిన అంతరం నిజానికి 92 శాతం సార్లే అసలు సగటును పట్టుకుంటుంది. నాలుగు కొలతలకైతే దాదాపు 85 శాతం. రెండే కొలతలుంటే 70 శాతం. పది దగ్గర నష్టం కొద్దిపాటిదే. మూడు నాలుగు కొలతలతో తీర్మానాలు చేసే ప్రయోగశాలల్లో మాత్రం ఇది దాటవేయదగ్గ విషయం కాదు. టి పట్టిక ఈ లోటును గుణకం పెంచి పూడుస్తుంది. 95 శాతానికి రెండు కొలతలైతే 12.706, నాలుగైతే 3.182, పదైతే 2.262, ముప్పై అయితే 2.045.

ఇక లెక్క. ఇవాళ అందరూ రాసే సూత్రం ఇది:

```
x̄ ± t × s / √n
```

ఇందులో s అనేది n−1తో భాగించి వర్గమూలం తీసిన విచలనం. ఫొటోలోని 1.17 అది కాదు. గాసెట్ తన వ్యాసంలో విచలనాన్ని nతోనే భాగించాడు. ఆయన పట్టిక కూడా టికి కాదు, జెడ్ అని ఆయన పేరు పెట్టుకున్న మరో రాశికి. సగటును ఆ విచలనంతో నేరుగా భాగిస్తే జెడ్ వస్తుంది. ఇక్కడ 1.58ని 1.17తో భాగిస్తే 1.35. రెండో మందే మెరుగన్న దానికి సంభావ్యత .9985 అనీ, అంటే 666కు 1 చొప్పున పందెం కాయవచ్చనీ ఆయన రాశాడు. n−1తో భాగించడం, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అన్న లెక్క, టి అన్న నేటి రూపం ఆర్.ఎ. ఫిషర్ చేతుల మీదుగా వచ్చాయి. 1925లో అచ్చయిన ఫిషర్ పాఠ్యపుస్తకం వాటిని ప్రపంచమంతా తిప్పింది. ఫిషర్ ఆ పుస్తకంలో వాడిన ఉదాహరణ కూడా ఈ నిద్రమందుల పట్టికే.

కాబట్టి 1.17ను ముందు దిద్దుకోవాలి. 10ని 9తో భాగించి, వర్గమూలం తీసి, 1.17తో గుణిస్తే 1.23 వస్తుంది. దాన్ని √10తో భాగిస్తే ప్రామాణిక దోషం 0.39. దగ్గరి దారి కావాలంటే 1.17ని √9, అంటే 3తో భాగించినా అదే 0.39. తొమ్మిది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు టి 2.262. రెండింటినీ గుణిస్తే 0.88. అంతరం 0.70 గంటల నుంచి 2.46 గంటల దాకా, అంటే 42 నిమిషాల నుంచి సుమారు రెండున్నర గంటల దాకా. ఆర్‌లో చూడాలనుకునే వారికి:

```r
m <- 1.58; sd_n <- 1.17; n <- 10
s <- sd_n * sqrt(n / (n - 1))
m + c(-1, 1) * qt(0.975, n - 1) * s / sqrt(n)
```

జవాబు 0.698, 2.462 అని వస్తుంది. మూడో దశాంశాన్ని పట్టించుకోనక్కర్లేదు. 1.17 అన్నదే 1.165కూ 1.175కూ మధ్య ఏదైనా కావచ్చు.

1.17ను దిద్దకుండా నేరుగా సూత్రంలో వేస్తే 0.74 నుంచి 2.42 వస్తుంది. అంతరం కాస్త కుంచించుకుపోయింది, తీర్మానం మారలేదు. ఇదే పొరపాటు నాలుగు కొలతల దగ్గర చేస్తే అంతరం పదమూడు శాతం పైగా ఇరుకవుతుంది. ఈ అయోమయం 1908తో పోలేదు. పాత క్యాలిక్యులేటర్ల మీద `σn`, `σn-1` అని పక్కపక్కనే ఉంటాయి, కొత్తవాటిలో `σx`, `sx`. ఎక్సెల్‌లో `STDEV.P`, `STDEV.S`. నోట్‌బుక్‌లో రాసేటప్పుడు అవన్నీ ఎస్.డి. అన్న రెండక్షరాలుగానే దిగుతాయి. ఫొటోలో పక్కన టి గానీ, జెడ్ గానీ, ప్రామాణిక దోషం గానీ అచ్చయి ఉంటే వెనక్కి లెక్కగట్టి ఏ భాజకమో పట్టుకోవచ్చు. ఈ పట్టిక పక్కన ఉన్న పాఠంలో 1.35 కనబడిందంటే 1.17 వెనక 10 ఉన్నట్టే.

ఎస్.డి. అన్న మాట కూడా చెరిగిపోయి వట్టి ‘1.58 ± 1.17’ మిగిలితే చిక్కు పెరుగుతుంది. ఆ 1.17 ప్రామాణిక దోషమనుకుంటే అంతరం −1.07 నుంచి 4.23 దాకా సాగిపోయి, మందుల మధ్య తేడాయే తేలలేదని అనిపిస్తుంది. తిరగేసి, ఎవరో 0.39 అని ప్రామాణిక దోషాన్నే రాసి ఉంటే, మనం అది విచలనమనుకుని మళ్లీ √10తో భాగిస్తే 1.30 నుంచి 1.86 వస్తుంది. ఈ రెండోది నాకు ఎక్కువ భయం. మొదటి తప్పు అనుమానం పుట్టిస్తుంది గనక ఎవరో ఒకరు తిరిగి చూస్తారు. రెండోది ముద్దుగా, బిగువుగా కనబడుతుంది, ఎవరూ కదిలించరు. విస్తృతిని విచలనంగా పొరబడటమూ ఉంది. విచలనం ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు దాని వర్గమూ దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఇక్కడ 1.17, 1.37 అన్నవాటిలో ఏది ఏదో చూపుతో చెప్పలేం.

వీటితో పోలిస్తే టి పట్టికలో వరుస తప్పి చూడటం చిన్న విషయం. తొమ్మిదో వరుసకు బదులు పదో వరుస చూస్తే 2.262 బదులు 2.228, అంతే. నాలుగు కొలతల దగ్గర అదే జారుడు 3.182ను 2.776 చేస్తుంది, అది చిన్నది కాదు. ఒకవైపు తోక శీర్షిక కింద 0.05 చూసి 1.833 ఏరుకుంటే మాత్రం మీరు చెప్పేది 90 శాతం అంతరం. 95 అని రాస్తే అబద్ధం.

చెరిగిన ఫొటోను తనతో తానే సరిచూసుకోనిచ్చే ఆధారాలు కొన్ని ఈ పేజీలోనే ఉన్నాయి. పాత అచ్చులో దశాంశ బిందువు ముందు సున్న పెట్టరు. ‘.75’లో ఆ చుక్క పోతే 75 గంటలవుతుంది. అంత నిద్ర ఎవరూ పోరు గనక అది దొరికిపోతుంది. 1.58లో 8 మసకబారి 3లా కనబడితే? మూడో సగటు రెండో సగటులోంచి మొదటిది తీసేస్తే రావాలి. 2.33లోంచి .75 పోతే 1.58. అనుమానం తీరింది. విచలనాలకూ ఓ కట్టుబాటు ఉంది. తేడాల విచలనం మిగతా రెండు విచలనాల తేడా కన్నా తక్కువ కాకూడదు, మొత్తం కన్నా ఎక్కువ కాకూడదు. అంటే 0.20కీ 3.60కీ మధ్య ఉండాలి. 1.17ను 11.7 అని చదివితే ఇక్కడే బయటపడుతుంది. 1.77 అని చదివితే మాత్రం ఈ జల్లెడ పట్టుకోలేదు. పైన ఉన్న పది వరుసల్లో నాలుగైదైనా చదవడానికి వీలుంటే వాటినే ఆశ్రయించాలి.

సగటు ఒక్కటే ఉన్నప్పుడు పనికొచ్చే మరో ఉపాయాన్ని నిక్ బ్రౌన్, జేమ్స్ హీథర్స్ గ్రిమ్ పరీక్ష అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. కొలతలన్నీ పూర్ణాంకాలైతే వాటి మొత్తమూ పూర్ణాంకమే కావాలి. ఏడుగురి సగటు 3.45 అని కనబడిందంటే ఏదో తప్పింది. మొత్తం 24 అయితే సగటు 3.43, 25 అయితే 3.57, నడుమ ఇంకేదీ రాదు. మన పట్టికలో కొలతలు గంటలో పదో వంతు దాకా ఉన్నాయి, రోగులు పది మంది. రెండు దశాంశాల సగటు ఏదైనా ఈ పరీక్ష నెగ్గుతుంది, కనుక ఇక్కడ దాని వల్ల లాభం లేదు.

మొదటి రెండు నిలువు వరుసలే ఫ్రేములో పడి మూడోది కత్తిరించుకుపోతే ఏం చేయాలన్నది ఇంతకన్నా లోతైన చిక్కు. సగటుల తేడా 1.58 అని తెలుస్తూనే ఉంటుంది. 1.70, 1.90 చేతిలో ఉన్నాయి కదా అని రెండు వేర్వేరు గుంపుల సూత్రం వేస్తే ప్రామాణిక దోషం 0.85 అవుతుంది, పద్దెనిమిది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు టి 2.101, అంతరం −0.21 నుంచి 3.37. సున్నా లోపలికి వచ్చేసింది! అంకెలు అవే, సగటు తేడా అదే, తీర్మానం తలకిందులైంది. కారణం ఆ ఇరవై కొలతలూ ఇరవై మందివి కాకపోవడం. ఒక మందుకు బాగా నిద్రపోయినవాడు రెండో మందుకూ బాగానే నిద్రపోయాడు. మూడు విచలనాల నుంచి వెనక్కి లెక్కగడితే రెండు వరుసల మధ్య సహసంబంధం 0.79 దాకా తేలుతుంది. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాను మూడో వరుస ముందే తీసేసింది కాబట్టే దాని విచలనం అంత తక్కువ. మొదటి రెండు విచలనాల నుంచి మూడోదాన్ని ఊహించలేం. అది ఫొటోలో లేకపోతే ఈ అంతరం గట్టడం కుదరదని చెప్పడమే సరైన జవాబు.

సారాంశపు వరుస దాచేది ఇంకొకటుంది. చెరిగిపోయిన ఆ పది తేడాలు ఇవి: 1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. తొమ్మిదో రోగి మిగతా వారందరికీ దూరంగా నిలబడ్డాడు. ఆయన్ని పక్కనపెట్టి లెక్క మళ్లీ చేస్తే సగటు 1.24కు పడుతుంది, విచలనం 0.66కు, అంటే దాదాపు సగానికి పడుతుంది. అంతరం 0.74 నుంచి 1.75. కింది హద్దు చూడండి. రెండో మందుకు అందరికన్నా బలంగా సాక్ష్యం చెప్పిన రోగిని తీసేస్తే ఆ మందు కనీస ప్రయోజనం 0.70 నుంచి 0.74కు పెరిగింది. దూరంగా ఉన్న కొలత సగటును పైకి లాగుతుంది, విచలనాన్ని అంతకన్నా గట్టిగా సాగదీస్తుంది. అలాగని ఆ రోగిని తీసేయమని కాదు, తీసేయడానికి వైద్యపరమైన కారణమేదీ పట్టికలో లేదు. సగటు, విచలనం, సంఖ్య అనే మూడంకెలు చూసినవాడికి ఆ 4.6 ఉందని తెలిసే దారి లేదన్నదే సంగతి. తెలిసేదల్లా ఒక పైహద్దు. nతో భాగించిన విచలనం 1.17 అయినప్పుడు పది కొలతల్లో ఏదీ సగటుకు 1.17ను √9తో గుణించినంత దూరం, అంటే 3.51 దాటి ఉండలేదు. 4.6 ఆ దూరంలో ఆరింట అయిదు వంతులు దాటి నిలిచింది.

కొలతలు సాధారణ విభాజనం నుంచి వచ్చాయన్న ఊహ మీద టి నిలబడింది. ఆ ఊహ అటూ ఇటూ సమానంగా తప్పితే, అంటే రెండు తోకలూ బరువైతే, టి అంతరం సాధారణంగా మాట తప్పదు. ఉండవలసినదానికన్నా కొంచెం వెడల్పుగా ఉంటుంది. ఒకవైపుకే వాలిన కొలతలు మాత్రం చిన్న శాంపిల్లో దాన్ని మోసగిస్తాయి. రోగం తగ్గడానికి పట్టిన రోజులు, కుటుంబాల ఖర్చు, నీటిలో బ్యాక్టీరియా లెక్క, అన్నీ అలాంటివే. ఫొటోలో ఉన్నంతలో దీనికొక సూచన దొరుకుతుంది. రుణాత్మకం కాలేని రాశికి విచలనం సగటంత గానీ దానికన్నా ఎక్కువ గానీ ఉంటే కొలతలు వాలి ఉన్నట్టే. నిద్ర తేడా సున్నాకు ఇరువైపులా ఉండగలదు కాబట్టి ఆ సూచన ఇక్కడ వర్తించదు.

95 అన్న అంకె అర్థం మీద దాదాపు శతాబ్దంగా వాదం నడుస్తోంది. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అన్న భావనను 1930ల్లో రూపుదిద్దిన జెర్జీ నేమన్ లెక్క ప్రకారం, ఇలా పదే పదే శాంపిల్ తీసి అంతరాలు గడుతూ పోతే వందకు తొంభై అయిదు అసలు సగటును పట్టుకుంటాయి. మన చేతిలోని 0.70–2.46 పట్టుకుందా లేదా అన్నది అది చెప్పదు. ఫిషర్ ఇదే అంతరాన్ని వేరే తర్కంతో చదివాడు, ఇద్దరికీ పొసగలేదు. ఫొటో చదివేవాడికి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. 95 శాతం హామీ కొలతల శాంపిల్‌కు సంబంధించిన పొరపాటుకే, మసకబారిన 8ని 3గా చదివే పొరపాటుకు కాదు.

ఈ పేజీ పైభాగం ఫ్రేములోకి వచ్చి ఉంటే మందుల పేర్లూ కనబడేవి. చదివినా లాభం అంతంతే. ఆ శీర్షికల్లో గాసెట్ మందుల పేర్లు తప్పుగా వేశాడు, ఫిషర్ పుస్తకంలోకీ ఆ తప్పే వెళ్లింది. 42 నిమిషాల నుంచి రెండున్నర గంటల దాకా మేలన్నది ఏ మందు మాటో తెలియాలంటే కష్నీ, పీబుల్స్ 1905 నాటి వ్యాసమే తెరవాలి.